“మంచోడేనండీ” అన్నాక ఏమడగాలి?

“మంచోడేనండీ. పని బాగానే చేసేవాడు. తీసుకోండి, ఏం పర్లేదు.”

ఉద్యోగానికి చివరి వడపోతలో నిలిచిన మనిషి గురించి పాత యజమానికి ఫోన్ చేస్తే సాధారణంగా వినబడే మాట ఇది. రెండు నిమిషాల్లో సంభాషణ అయిపోతుంది. ఫైలు మీద ‘రిఫరెన్స్ ఓకే’ అని రాసేస్తారు. ఆ మనిషి రేపు మన దగ్గర ఎలా పనిచేస్తాడో మాత్రం ఒక్క ముక్క కూడా తెలియలేదు.

అవతలివాళ్లు అబద్ధం చెప్పారని కాదు. ఒకరి నోటి దగ్గర కూడు తీసిన పాపం మనకెందుకు అనుకుంటారు. పైగా “ఎలాంటివాడండీ?” అని అడిగితే అది తీర్పు చెప్పమనడమే. ముక్కూ మొహం తెలియని వాళ్లకు ఫోనులో ఒకరి మీద తీర్పు ఎవరు చెబుతారు? 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు 85 ఏళ్ల పరిశోధనలను గుదిగుచ్చి చూశారు. ఉద్యోగి ముందుముందు ఎలా పనిచేస్తాడో ఊహించడంలో ఏ పద్ధతి ఎంత పనికొస్తుందో లెక్కగట్టారు. కచ్చితంగా చెప్పగలిగితే 1 అనుకుంటే, అందరినీ ఒకే ప్రశ్నలు అడిగే పద్ధతైన ఇంటర్వ్యూకి 0.51 వచ్చింది. రిఫరెన్సులకు 0.26. మామూలుగా చేసే తీరులో ఈ ఫోన్ల బలం అంతేనన్నమాట. నా లెక్కలో లోపం ఫోనుది కాదు, అందులో అడిగే ప్రశ్నలది.

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. సర్టిఫికెట్లు అసలువేనా, చెప్పిన తేదీల్లో నిజంగా అక్కడ పనిచేశాడా అన్నది కాగితాల పని. రిలీవింగ్ లెటర్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ ఖాతాలో కంపెనీవారీగా ఉండే చేరిన, మానేసిన తేదీలు చూస్తే అది తేలిపోతుంది. పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ వాళ్లు హోదా, తేదీలు తప్ప మరేమీ చెప్పరు కూడా. పని తీరు తెలియాలంటే అతనితో కలిసి రోజూ పనిచేసిన వాళ్లతోనే మాట్లాడాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒకాయన ఏలూరులో రెండో గోడౌన్ తెరుస్తున్నారు. దానికి స్టోర్స్ ఇన్‌చార్జి కావాలి. యజమాని అక్కడికి వెళ్లేది వారానికి ఒకటి రెండుసార్లే. గుంటూరులో ఇలాంటి వ్యాపారంలోనే నాలుగేళ్లు స్టోర్స్ చూసిన ఒక యువకుడు ఇంటర్వ్యూలో నచ్చాడు.

ఫోన్ ఎత్తే ముందు ఈ యజమాని ఆలోచించుకోవాల్సింది ఒకటే: ఏలూరులో ఏది తేడా వస్తే మనం మునుగుతాం? కంప్యూటర్లో ఉన్న స్టాకుకీ బీరువాల్లో ఉన్న స్టాకుకీ పొంతన లేకపోవడం ఒకటి. ఇన్సులిన్, టీకాల్లాంటి ఫ్రిజ్ సరుకు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండకపోవడం ఇంకొకటి. అన్నిటికంటే పెద్దది, యజమాని ఎదురుగా లేనప్పుడు జరిగిన చెడు కబురు ఆయనకు ఎంత త్వరగా చేరుతుందన్నది. అడగాల్సిన ప్రశ్నలన్నీ ఈ మూడింటి చుట్టూనే ఉంటాయి. నిజాయితీపరుడా, కష్టపడతాడా అనే ప్రశ్నలతో పనిలేదు. వాటికి అందరూ ఔననే అంటారు.

రెండో మెట్టు ఇంటర్వ్యూలోనే ఉంది. అభ్యర్థిని ఇలా అడగాలి: “మీ గుంటూరు సార్‌తో మాట్లాడతాం. మీ పనిలో ఆయనకు బాగా నచ్చిందేమిటంటారు? దేని గురించి సణుగుతారు?” జెఫ్ స్మార్ట్, రాండీ స్ట్రీట్ 2008లో రాసిన ‘హూ’ అనే పుస్తకం ఈ పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చింది. ‘మాట్లాడితే’ అనకుండా ‘మాట్లాడతాం’ అనడం ముఖ్యం. ఎలాగూ ఫోన్ వెళుతుందని తెలిసినప్పుడు మనిషి ఉన్నది ఉన్నట్టు చెప్పడానికే మొగ్గుతాడు. మన కుర్రాడు కాస్త ఆగి, “నేను చెప్పకుండానే పనులు చక్కబెట్టేస్తానని సార్ అప్పుడప్పుడు కోప్పడేవారు” అన్నాడనుకుందాం. ఈ ముక్క రాసిపెట్టుకోవాలి.

ఎవరితో మాట్లాడాలో కూడా అప్పుడే తేల్చుకోవాలి. అభ్యర్థి ఇచ్చిన ముగ్గురూ స్నేహితులైతే లాభం లేదు. పై మనిషి ఒకరు, పక్కన పనిచేసినవారు ఒకరు, చేతికింద పనిచేసినవారు ఒకరు కావాలని మనమే అడగాలి. ఇప్పుడు పనిచేస్తున్న చోటికి మాత్రం అతని అనుమతి లేకుండా ఫోన్ చేయకూడదు. మనం ఉద్యోగం ఇవ్వకముందే ఉన్నది ఊడగొట్టినవాళ్లమవుతాం. మన కుర్రాడు గుంటూరులో మానేసి నెల దాటింది కాబట్టి ఆ చిక్కు లేదు. ఇచ్చిన నంబరు నిజంగా ఆ యజమానిదేనా అన్న అనుమానం ఉంటే షాపు బిల్లు మీదో బోర్డు మీదో ఉన్న నంబరుకే చేసి ఆయన్ను పిలవమంటే సరి. మేనేజరునంటూ మిత్రుడు ఫోనెత్తే నాటకాలు ఉద్యోగాల మార్కెట్‌లో కొత్తేమీ కాదు.

ఇక ఫోన్.

“నమస్కారమండీ, విజయవాడ నుంచి మాట్లాడుతున్నాను. మీ దగ్గర స్టోర్స్ చూసిన అబ్బాయి మా దగ్గర చేరతానంటున్నాడు. నంబరు తనే ఇచ్చాడు. ఓ పావుగంట మాట్లాడొచ్చా, తీరిగ్గా సాయంత్రం చెయ్యమంటారా?”

ఆ వెంటనే ఎలాంటివాడని అడగకూడదు. ఎన్నాళ్లు చేశాడు, రోజూ మీతోనే మాట్లాడేవాడా, ఏమేం చూసేవాడు అని మొదలుపెట్టాలి. ఇవి ఎవరైనా ఇబ్బంది లేకుండా చెప్పగలిగే సంగతులు. చెబుతూ ఉండగా పాత రోజులు గుర్తుకొస్తాయి. అప్పుడు ఒక ఫలానా రోజు గురించి అడగాలి.

“మీ దగ్గర ఫ్రిజ్ సరుకు ఉండేది కదండీ. కరెంటు పోయి ఇబ్బందైన రోజు ఏదైనా గుర్తుందా?”

“ఎందుకు లేదండీ! కిందటేడు ఎండాకాలం రాత్రిపూట ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. వాడే వచ్చి ఇన్సులిన్ అంతా ఐస్ బాక్సుల్లో సర్దాడు.”

“ఐస్ ప్యాకులు నేరుగా తగిలితే గడ్డకట్టి పాడవుతుంది కదా, ఎలా సర్దాడంటారు?”

“మధ్యలో అట్టముక్కలు పెట్టాడు. వాడికా పని బాగా తెలుసు.”

“మీకు ఆ రాత్రే ఫోన్ చేశాడా?”

“లేదండీ. పొద్దున నేను షాపుకెళ్లాక చెప్పాడు. అన్నీ బాగానే ఉన్నాయి కదా సార్, మిమ్మల్ని లేపడమెందుకని ఆగానన్నాడు.”

యజమాని చెప్పింది పొగడ్తే. అందులోనే మనకు కావలసింది దొరికింది. పని తెలుసు, బాధ్యత ఉంది, అర్ధరాత్రి అయినా వస్తాడు. కానీ చెప్పడం మర్నాటికి వాయిదా. ఇంటర్వ్యూలో అతనన్న మాటకు ఇది సరిగ్గా అతుకుతోంది. “ఎప్పటికప్పుడు చెబుతాడా?” అని సూటిగా అడిగి ఉంటే “ఆఁ, చెబుతాడండీ” అనేవారు. జరిగిన సంగతి అడిగాం కాబట్టి, ఎవరినీ తప్పుపట్టే అవసరం లేకుండానే చెప్పగలిగారు.

ఒక్క సంఘటనతో మనిషి స్వభావం తేల్చేయలేం. అందుకే అక్కడి అకౌంటెంటుకు రెండో ఫోన్. ఈసారి స్టాకు సంగతి. “పోయినసారి లెక్క తేడా వచ్చినప్పుడు ఏం జరిగింది?” ఆయన చెప్పింది ఇది: ఒక యాంటీబయాటిక్ పది స్ట్రిప్పులు తక్కువ వచ్చాయి. కుర్రాడు బిల్లులు తిరగేసి, ఒక బ్యాచ్ బదులు ఇంకో బ్యాచ్ నంబరు కొట్టడం వల్ల వచ్చిన తేడా అని పట్టుకున్నాడు. “లెక్క తేలేదాకా మాకు కాగితం పంపలేదండీ. రెండు రోజులు పట్టింది. ఈలోగా నెలాఖరు స్టేట్‌మెంటు ఆగిపోయింది.” మూడో ఫోన్ అక్కడ ప్యాకింగ్ చేసే కుర్రాడికి. కొత్తలో పని ఎలా నేర్పాడని అడిగితే, “అన్న అరవడండీ. తప్పు చేస్తే తనే సరిచేసేసేవాడు” అన్నాడు.

మూడు నోళ్ల నుంచి వచ్చింది ఒకే తీరు. సమస్యను తనే మోస్తాడు, పరిష్కరిస్తాడు, ఆ తర్వాతే చెబుతాడు. యజమాని పక్కనే కూర్చునే షాపులో ఇది సుగుణం. మనిషి లేని ఏలూరు గోడౌన్‌లో ఇదే ప్రమాదం కావచ్చు. మనకు తెలియాల్సింది ఇతను మంచివాడా కాదా అన్నది కాదు, ఇలాంటివాడు ఆ చోటికి సరిపోతాడా అన్నది.

మాటలు ముగిసే ముందు రెండు ప్రశ్నలు ఉపయోగపడతాయి. మొదటిది మార్కుల ప్రశ్న: “పదికి ఎంత వేస్తారు?” వచ్చిన అంకెను నేను పెద్దగా నమ్మను. మన దగ్గర ఎనిమిది అనేది మర్యాద. “ఇంకేం చేసి ఉంటే తొమ్మిది వేసేవారు?” అన్న దాంట్లోనే సరుకు ఉంటుంది. రెండోది: “రేపు మీ దగ్గర ఖాళీ వస్తే మళ్లీ పెట్టుకుంటారా?” దీనికి జవాబు కంటే జవాబు ముందు వచ్చే ఆలస్యాన్ని గమనించాలి. “ఎందుకు పెట్టుకోనండీ, నిన్ననే అనుకున్నాం” అనడం వేరు, “ఆఁ... చూస్తామండీ” అనడం వేరు. ఆ చుక్కల దగ్గర మనం నోరు మూసుకుని నాలుగు క్షణాలు ఆగితే, అవతలి మనిషి తనంతట తనే కొనసాగిస్తారు. చాలామంది అక్కడే కంగారుపడి తరువాతి ప్రశ్నలోకి దూకేస్తారు.

తిట్టే రిఫరెన్సు వస్తే? దానికీ అదే మందు, సంఘటన అడగడమే. “వాడొట్టి బాధ్యత లేనోడు” అన్నప్పుడు “ఏం జరిగిందండీ?” అంటే, నోటీసు ఇవ్వకుండా దసరా ముందు మానేశాడన్న కోపం తప్ప మరేమీ బయటకు రాకపోవచ్చు. అదే సంగతిని ఇంకొకరు విడిగా చెబితే తప్ప దాన్ని తూకంలో వేయకూడదు. కులం, పెళ్లి, పిల్లల్ని కనే ఆలోచన, ఆరోగ్యం, అప్పులు వంటివి అడగడమూ అక్కర్లేదు, అవతలివాళ్లు చెబుతున్నా రాసుకోనక్కర్లేదు. వాటితో పని తీరు తెలియదు.

ఉన్నది చెబితే పరువునష్టం కేసు పడుతుందేమోనని చాలామంది జంకుతారు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువునష్టం గురించే. తన ప్రయోజనాన్నో ఇతరుల ప్రయోజనాన్నో కాపాడడానికి సదుద్దేశంతో చెప్పిన మాటకు అందులోనే మినహాయింపు ఉంది. పాత శిక్షాస్మృతి నుంచి వస్తున్న ఉదాహరణ కూడా వ్యాపారానిదే. ఫలానా ఆయనకు అరువు ఇవ్వొద్దు, ఆయన నిజాయితీ మీద నాకు నమ్మకం లేదని దుకాణదారు తన వ్యవహారాలు చూసే మనిషికి చెప్పడం. ‘సదుద్దేశం’ అన్నదే ఇక్కడ కీలకం కాబట్టి, చూసింది చెప్పడం క్షేమం, విన్నది చెప్పడం కాదు.

ఇక మిగిలింది అభ్యర్థితో ఇంకో మాట. ఎవరేమన్నారో చెప్పకుండానే అడగవచ్చు: “ఏలూరులో నేనుండను. రాత్రి ఫ్రిజ్ ఆగిపోతే నాకెప్పుడు తెలుస్తుంది?” అతను “అన్నీ సర్దాక చెబుతానండీ” అంటే, మారడానికి సిద్ధమేనా అని అక్కడే తేల్చుకోవాలి. సిద్ధమైతే ఆఫర్ లెటర్‌తో పాటే పద్ధతి కూడా ఇవ్వొచ్చు. ఫ్రిజ్ ఉష్ణోగ్రత పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాట్సాప్‌లో రావాలి. లెక్కలో తేడా ఉంటే కారణం దొరికినా దొరక్కపోయినా ఆ రోజు షట్టర్ దించేలోపు చెప్పాలి. మొదటి మూడు నెలలు యజమాని వారానికి రెండుసార్లు వెళ్లినప్పుడు నాలుగు బ్యాచ్‌లు తీసి చేత్తో లెక్కపెట్టి, ఆ సందేశాలతో పోల్చి చూసుకోవాలి.