అర్ధరాత్రి దాటినా శనివారమే

పోయిన సంవత్సరం పెనుకొండ ప్రాంతం నుండి ఒక భక్తుడు పుట్టపర్తికి వచ్చి నన్ను కలిశాడు. "స్వామీ, మా నాయన 2023 అక్టోబరు 29న, చంద్రగ్రహణం నాటి తెల్లవారుజామున 2 గంటల 10 నిమిషాలకు కాలం చేసినాడు. ఆబ్దికం పూర్ణిమ నాడు పెట్టాలంటారు కొందరు, పాడ్యమి నాడంటారు కొందరు. ఏది నిజం?" అని అడిగాడు.

మన గడియారానికి రోజు అర్ధరాత్రి మారుతుంది. పంచాంగానికి సూర్యోదయంతో మారుతుంది. ఆ ఆదివారం పుట్టపర్తిలో సూర్యోదయం సుమారు 6 గంటల 13 నిమిషాలకు అయింది. అంతవరకు శనివారమే. ఆ గ్రహణ స్పర్శ రాత్రి 1 గంట 5 నిమిషాలకు. ఘడియకు 24 నిమిషాల చొప్పున శనివారం సూర్యోదయం నుండి లెక్కించితే అది సుమారు 47 ఘడియలు. పాత పద్ధతి పంచాంగాలలో ఇది శనివారం వరుసలోనే కనబడుతుంది. గ్రహణస్నానానికి సంకల్పం చెప్పుకొన్నవారు కూడా "స్థిరవాసరే" అనే చెప్పుకొనవలెను, "భానువాసరే" అని కాదు. ఇది తెలియక, పంచాంగంలో శనివారం అని చూసి, శుక్రవారం రాత్రి నిద్ర మేల్కొనేవారు కూడా ఉంటారు!

ఇంతవరకు ఆ భక్తుని బంధువులు సరిగానే చెప్పారు. పొరపాటు తరువాతి అడుగులో జరిగింది. సూర్యోదయం కాలేదు గనుక వారం నిన్నటిదే. అయితే తిథి కూడా నిన్నటిదే అని వారు భావించారు. అది సరికాదు. సూర్యోదయంతో మారేది వారం మాత్రమే. తిథి సూర్యచంద్రుల మధ్య దూరాన్ని బట్టి నడుస్తుంది. ఆ దూరం 12 భాగలు పెరిగినప్పుడల్లా, పగలైనా రాత్రైనా, తిథి మారుతుంది. శనివారం ఉదయం పూర్ణిమ ఉన్నందున పంచాంగం ఆ దినానికి పూర్ణిమ అని వ్రాస్తుంది. పక్కనే అది ఎప్పటివరకు ఉన్నదో కూడా వ్రాస్తుంది. మనవారు చూడక వదిలేసేది ఆ అంకెనే. దృగ్గణితం ప్రకారం ఆ రాత్రి 1 గంట 54 నిమిషాలకు, గ్రహణం ఇంకా విడువకముందే, పూర్ణిమ ముగిసి బహుళ పాడ్యమి ప్రవేశించింది. గ్రహణ మోక్షం 2 గంటల 24 నిమిషాలకు.

కాబట్టి మరణపత్రంలో తేదీ అక్టోబరు 29, ఆదివారం. పంచాంగరీత్యా శనివారం. ఆబ్దికానికి తీసుకొనవలసినది ప్రాణం పోయిన క్షణాన ఉన్న తిథి; అది ఆశ్వయుజ బహుళ పాడ్యమి. పదహారు నిమిషాల తేడాతో పూర్ణిమ దాటిపోయింది.

ఇలా సంధికాలంలో జరిగినప్పుడు ఒక చిక్కు ఉన్నది. వాక్య పంచాంగానికీ దృక్ పంచాంగానికీ తిథ్యంత కాలంలో తేడా వస్తుంది. అందుచేత మీ ఇంట ఏ పంచాంగం అనుసరిస్తారో పురోహితునికి ముందే చెప్పండి. జననమైనా మరణమైనా "శనివారం రాత్రి" అని మాత్రమే వ్రాసి ఉంచకండి. "28 శనివారం రాత్రి, తెల్లవారితే 29 ఆదివారం, 2 గంటల 10 నిమిషాలు" అని వ్రాసుకోండి. మా తాతగారు ఇంటి పుస్తకంలో "తెల్లవారితే" అన్న మాట చేర్చకుండా ఒక్క జననమూ వ్రాయలేదు.