నడుము వంగాలి, మెడ కాదు

జపాన్ వెళ్లిన మనవాళ్లకు అలవాటుకొద్దీ జరిగిపోయే పొరపాటు ఒకటుంది: రెండు చేతులూ జోడించి వంగడం. అక్కడ చేతులు జోడించేది గుడిలోనో, భోజనానికి ముందో. ఎదుటి మనిషిని పలకరించేటప్పుడు చేతులు కిందికే ఉంటాయి. మగవాళ్లు తొడల పక్కన ఆనించుకుంటారు, ఆడవాళ్లు ఎక్కువగా ముందువైపు ఒకదానిమీద ఒకటి పెట్టుకుంటారు.

ఈ వంగడాన్ని ‘ఒజిగి’ అంటారు. ఆఫీసు వరండాలో ఎదురుపడితే 15 డిగ్రీలు, కొత్త క్లయింటుకు 30, క్షమాపణకు 45, తప్పు పెద్దదైతే ఇంకా కిందికి. కోణమానిని పట్టుకుని ఎవరూ కొలవరు గానీ, వీపు నిటారుగా ఉంచి తల మాత్రం వేలాడేస్తే ఇట్టే తెలిసిపోతుంది. వీపూ మెడా ఒకే గీతలో ఉంచి నడుము దగ్గర వంగాలి. చూపు కూడా నేలవైపు దించాలి. వంగుతూ ఎదుటివారి కళ్లలోకి చూస్తే కుస్తీకి దిగినట్టుంటుంది! కిందే ఒక్క క్షణం ఆగి, నెమ్మదిగా లేవాలి.

అసలు తంటా కరచాలనంతో. 2009 నవంబరులో టోక్యోలో ఒబామా, చక్రవర్తి అకిహితోకు చెయ్యి కలుపుతూనే బాగా కిందికి వంగారు. అధ్యక్షుడు అంతలా వంగాలా అని అమెరికాలో కొందరు గోల చేశారు. నన్నడిగితే లోపం వంగడంలో లేదు, రెండూ ఒకేసారి చేయడంలో ఉంది. చెయ్యి అందేంత దగ్గర్లో ఇద్దరూ వంగితే తలలు ఢీకొంటాయి. వాళ్లు చెయ్యి చాస్తే చెయ్యే కలపండి, వంగితే ఒక అడుగు వెనక్కి వేసి వంగండి. దుకాణంలో వంగి స్వాగతం చెప్పేవారికి మాత్రం చిన్నగా తలూపితే చాలు.