ముందు వడపోత, తర్వాతే జోడింపు

ఒక పట్టికలో 10,000 మంది విద్యార్థులు, మరోదానిలో 60,000 మార్కుల వరుసలు ఉన్నాయనుకోండి. మనకు గుంటూరు విద్యార్థుల మార్కులే కావాలి. రెండు పట్టికలనూ కలిపేశాక ఊరు చూస్తే, ప్రతి వరుసనూ ప్రతి వరుసతో పోల్చే పద్ధతిలో 60 కోట్ల పోలికలు! ముందే గుంటూరు వాళ్లను ఏరితే, వాళ్లు 200 మందే అయితే, 1.2 కోట్లు చాలు. జవాబు మారదు. ఆ హామీ ఇచ్చేది బీజగణిత నియమం:

```
σ(A ⋈ B) = σ(A) ⋈ B
```

ఇక్కడ σ వడపోత, ⋈ జోడింపు. వడపోత షరతు A పట్టికకే సంబంధించినదై ఉండాలి. డేటాబేస్ లెక్కలు వేయకుండానే ఈ సూత్రాన్ని పాటిస్తుంది.

చిక్కల్లా లెఫ్ట్ జాయిన్‌తోనే. అది మార్కులు లేని విద్యార్థినీ ఖాళీ గడులతో ఉంచుతుంది. జోడించాక ‘మార్కులు 90 దాటాలి’ అంటే ఆ విద్యార్థి పోతాడు. అదే షరతును ముందుగా మార్కుల పట్టికకు పెడితే ఖాళీ గడులతో మిగిలిపోతాడు. జవాబే తప్పు! అందుకే పోస్ట్‌గ్రెస్ ముందు దాన్ని మామూలు జాయిన్‌గా మార్చి, ఆపైనే షరతును కిందికి దించుతుంది.

మీ ప్రశ్న ముందు `EXPLAIN` పెట్టి చూడండి: `Filter` పట్టికను చదివే `Scan` కిందే కనబడాలి.