చీలమండ దగ్గర ఎర్రచుక్కలు

ముప్ఫై ఏళ్ల మనిషి. డెంగీ జ్వరం తగ్గి అప్పటికి ఒక రోజే అయింది. చీలమండల చుట్టూ ఆవగింజ కన్నా చిన్న ఎర్రచుక్కలు కనిపించాయి. దురద లేదు, ఉబ్బు లేదు. మామూలు దద్దురైతే గాజుగ్లాసుతో అదిమితే పాలిపోతుంది. ఇవి పాలిపోలేదు, అంటే రక్తం నాళం దాటి చర్మంలోకి చేరిపోయింది. రిపోర్టులో ప్లేట్‌లెట్లు 22 వేలు. మైక్రోలీటరు రక్తంలో ఉండాల్సినవి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు.

ప్లేట్‌లెట్లు ఎముక మజ్జలోని పెద్ద కణాల నుంచి తెగిపడిన తునకలు. ఒక్కొక్కటి వారం, పది రోజులు బతుకుతుంది. నాళం గోడ చిరిగితే లోపలి కొల్లాజెన్ బయటపడుతుంది. వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే పొడవాటి ప్రోటీన్ దాన్ని పట్టుకుని, రక్తం ఒరవడికి ఉండ విప్పుకుని తాడులా సాగుతుంది. వేగంగా కొట్టుకుపోతున్న ప్లేట్‌లెట్‌ని ఆపేది ఆ తాడే. అతుక్కున్న ప్లేట్‌లెట్ చదునుగా ఉన్నదల్లా ముళ్లు పొడుచుకొచ్చినట్టు మారుతుంది. ఏడీపీ, థ్రాంబాక్సేన్ అనే రసాయనాలు వదిలి పక్కవాటిని పిలుస్తుంది. ఆ తర్వాత ఫైబ్రినోజెన్ వాటి మధ్య వంతెనలా నిలిచి అన్నిటినీ ఒక ముద్దగా కడుతుంది. ఈ మొదటి అడ్డుకట్టనే తర్వాత ఫైబ్రిన్ దారాలు గట్టిపరుస్తాయి.

ఇవి గాయం అయినప్పుడే కాదు, రోజూ సన్ననాళాల గోడలు వదులు కాకుండా కూడా చూస్తాయి. అందుకే ప్లేట్‌లెట్లు బాగా తగ్గితే దెబ్బేమీ తగలకుండానే రక్తం చెమ్మలా బయటికొస్తుంది. నిలబడినప్పుడు ఒత్తిడి ఎక్కువ పడేది కాళ్లలోని నాళాల మీద కాబట్టి చుక్కలు ముందు అక్కడే పుడతాయి. చిగుళ్లు, ముక్కు నుంచి కూడా రక్తం కారుతుంది. హీమోఫీలియాలో ఇలా కాదు, అక్కడ రక్తం కీళ్లలోకి, కండరాల్లోకి దిగుతుంది.

ఒళ్లునొప్పులకని అతను రెండురోజుల క్రితం ఆస్పిరిన్ వేసుకున్నాడు. అది ప్లేట్‌లెట్ థ్రాంబాక్సేన్ తయారు చేయకుండా ఆపుతుంది, ఆ ప్లేట్‌లెట్ చనిపోయేదాకా. ఉన్న కొద్దిపాటివీ సరిగా పనిచేయవన్నమాట. డెంగీలో జ్వరానికి పారాసెటమాల్ తప్ప వేరేది వద్దనేది ఇందుకే.

ఇంట్లోవాళ్లు ప్లేట్‌లెట్లు ఎక్కించమని పట్టుబట్టారు. రక్తస్రావం లేదు కాబట్టి డాక్టర్ ఒప్పుకోలేదు. ఆ నిర్ణయం సరైనదే. రక్తస్రావం లేనివాళ్లలో 10 వేలు దాటి ఉంటే మామూలుగా ఎక్కించరు, ఎక్కించినా డెంగీలో ఎక్కువసేపు నిలవవు. డాక్టర్ కన్ను హెమటోక్రిట్ మీద ఉంది. 40 ఉన్నది 48 అయింది. అంటే నాళాల నుంచి ప్లాస్మా కారిపోయి రక్తం చిక్కబడుతోంది. కడుపునొప్పి, వాంతులు కూడా మొదలయ్యాయి. ఆ సమయంలో ప్రాణం నిలిపేది కొలతగా ఎక్కించే సెలైన్. రెండురోజులు గంటగంటకూ బీపీ, మూత్రం చూసుకుంటూ సెలైన్ సర్దారు.

నాలుగో రోజుకి కౌంట్ 60 వేలకు ఎక్కింది. ఎర్రచుక్కలు గోధుమరంగుకి తిరిగాయి, కొత్తవి రాలేదు.