వాయిదా మారలేదు, మరి గడువు మారిందా?

మన హాస్టల్లో చదువుకుని ఉద్యోగాల్లో చేరిన అన్నలు, అక్కలు చాలామంది ఇప్పుడు ఇంటి అప్పుల్లో ఉన్నారు. వారి కుటుంబాల్లో సొంత ఇల్లు కడుతున్న మొదటివారు వాళ్ళే. ఫ్లోటింగ్ వడ్డీ అప్పులో రేటు పెరిగినప్పుడు బ్యాంకు చాలాసార్లు నెల వాయిదాను కదపదు, గడువును పొడిగిస్తుంది. జీతంలో కోత అంతే ఉంటుంది కనుక విషయం మన కంటపడదు.

35 ఏళ్ళ టీచరుగారు 7 శాతం వడ్డీకి, 20 ఏళ్ళకు 10 లక్షలు తీసుకున్నారనుకుందాం. నెల వాయిదా రూ.7,753. మొదటి నెల వడ్డీ రూ.5,833 పోగా అసలుకు జమయ్యేది రూ.1,920. తీసుకున్న కొత్తలోనే రేటు 8 శాతమైతే వడ్డీ రూ.6,667 అవుతుంది, అసలుకు మిగిలేది రూ.1,086 మాత్రమే. దాంతో 240 నెలల అప్పు 296 నెలలవుతుంది. అదే 9 శాతమైతే అసలుకు చేరేది రూ.253. గడువు సుమారు 458 నెలలు, అంటే 38 ఏళ్ళు దాటుతుంది. 55 ఏళ్ళకు తీరవలసిన అప్పు 73 ఏళ్ళదాకా సాగుతుందన్నమాట! అంతకాలం ఏ బ్యాంకూ మామూలుగా ఒప్పుకోదు కనుక ఎక్కడో ఒకచోట వాయిదా పెంచక తప్పదు.

ఇది ఊహ మాత్రమే కాదు. 2022 మే నుండి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వు బ్యాంకు రెపో రేటు 4 నుండి 6.5 శాతానికి పెరిగింది. రెపోకు ముడిపడిన అప్పుల రేట్లూ దాని వెంటే పెరిగాయి. మన లెక్కలో 9.5 శాతమైతే నెల వడ్డీయే రూ.7,917. వాయిదా మొత్తం కట్టినా అసలు పెరుగుతూ పోతుంది. గడువు పొడిగింపు ఇలాంటి స్థితికి దారితీయకూడదని, రేటు మారినప్పుడు వాయిదా పెంచుకునే అవకాశం కూడా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది.

నా మట్టుకు వాయిదా పెంచుకోవడమే మేలనిపిస్తుంది. 8 శాతం దగ్గర నెలకు రూ.611 అదనంగా కడితే 20 ఏళ్ళకే తీరుతుంది. ఆ అదనమంతా కలిపి సుమారు రూ.1.47 లక్షలు. పాత వాయిదాతోనే సాగదీస్తే చివరి 56 నెలలకు కట్టేది సుమారు రూ.4.3 లక్షలు. అయితే పదేళ్ళు కట్టేసినవారు ఇంత కంగారుపడనక్కరలేదు. ఇదే అప్పులో అప్పటికి బాకీ సుమారు రూ.6.68 లక్షలు. అప్పుడు రేటు ఒక శాతం పెరిగితే పెరిగేది 9 నెలలే.

మీ లెక్క చూసుకోవడానికి బ్యాంకు స్టేట్‌మెంట్లోని నేటి బాకీ, రేటు, వాయిదా చాలు. కంప్యూటర్లో ఎక్సెల్ తెరిచి ఇలా కొట్టండి:

```
=NPER(8%/12,-7753,1000000)
```

295.77 అని వస్తుంది, అంటే 296 నెలలు. వాయిదా ముందు మైనస్ గుర్తు మరచిపోకండి. ఆ గుర్తు పెట్టినా జవాబు బదులు #NUM! అని వస్తే, మీ వాయిదా వడ్డీకే చాలడం లేదని అర్థం. అలా వచ్చినరోజే బ్యాంకుకు వెళ్ళి మిగిలిన నెలలెన్నో రాతపూర్వకంగా అడగండి.