వందలో ఒక్క ప్యాకెట్ పోతే

వైఫై మీద స్పీడ్ టెస్ట్ 90 ఎంబీపీఎస్ చూపిస్తుంది. అదే ల్యాప్‌టాప్‌లో పెద్ద ఫైలు దింపుకోబోతే 3 దాటదు. టెస్టు అబద్ధమాడటం లేదు. చాలా టెస్టులు ఒకేసారి అనేక కనెక్షన్లు తెరుస్తాయి, ఫైలు మాత్రం ఒక్కదాని మీదే వస్తుంది. ఆ ఒక్క కనెక్షన్‌ను నడిపే టీసీపీకి ప్యాకెట్ పోయిందంటే భయం.

భయానికి కారణముంది. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ, 400 గజాల దూరంలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. లైను నిండిపోతున్నా ఎవరూ తగ్గలేదు. దాంతో వాన్ జాకబ్సన్ 1988లో ప్రచురించిన పద్ధతి టీసీపీకి కొత్త మర్యాద నేర్పింది: ప్యాకెట్ పోతే దారి రద్దీగా ఉన్నట్టే, పంపేది సగానికి తగ్గించు, మళ్లీ మెల్లగా పెంచు. తీగల మీద ఆ అంచనా చాలావరకు నిజమే. గాలిలో గోడ అడ్డొచ్చినా, పక్కింటి వైఫై తగిలినా ప్యాకెట్ పోతుంది. టీసీపీకి ఆ తేడా తెలియదు.

లెక్క చూద్దాం. సర్వరుకు వెళ్లి రావడానికి 50 మిల్లీసెకన్లు, లైను 100 ఎంబీపీఎస్. ఆ లైను నిండాలంటే జవాబు రాకముందే దాదాపు 430 ప్యాకెట్లు దారిలో ఉండాలి. ఒకటి పోతే ఆ సంఖ్య 215 అవుతుంది. ఒక్కో రాకపోకకు ఒక్కో ప్యాకెట్ చొప్పున పెంచుకుంటూ తిరిగి 430కి చేరడానికి 10 సెకన్లు దాటుతుంది. ఈలోపు 65 వేలకు పైగా ప్యాకెట్లు ఒక్కటీ పోకుండా చేరాలి. మన వైఫైలో వందకొకటి పోతుంటే? పెరిగేలోపే మళ్లీ కోత. సగటున దారిలో ఉండేది 12 ప్యాకెట్లు, వేగం 3 ఎంబీపీఎస్ లోపు. లైను 100 అయినా 1000 అయినా అంతే.

ఆలస్యం ఇంత క్రూరమైనది కాదు. ప్యాకెట్లేవీ పోకుండా రాకపోక 200 మిల్లీసెకన్లయితే, టీసీపీ నాలుగు రెట్లు ప్యాకెట్లు దారిలో పెట్టి, కాస్త ఆలస్యంగానైనా 100 అందుకుంటుంది. రెండూ కలిస్తే మాత్రం దెబ్బ మీద దెబ్బ: 200 మిల్లీసెకన్లలో వందకొకటి పోతే వేగం 1 కూడా చేరదు.

వైఫై పోయిన ప్యాకెట్‌ను తానే చాలాసార్లు తిరిగి పంపుతుంది, కాబట్టి చాలా నష్టాలు టీసీపీ కంట పడవు. అన్నిసార్లూ విఫలమైనవే దాకా వస్తాయి. ఇప్పటి లైనక్స్‌లో వాడే క్యూబిక్ సగానికి బదులు 30 శాతమే తగ్గిస్తుంది. గూగుల్ 2016లో తెచ్చిన బీబీఆర్ నష్టాన్నే రద్దీగా భావించదు.

లోపం మీ గాలిలోనే ఉందో లేదో చూడాలంటే రౌటర్‌కు పింగ్ చేయండి. చిరునామా ఇదే కాకపోవచ్చు:

```
ping -c 200 192.168.1.1
```

చివర్లో `packet loss` సున్నా కాకపోయినా, సమయాలు 2 నుంచి 150 మిల్లీసెకన్లకు ఎగిరిపడుతున్నా అనుమానం వైఫై మీదే. కేబుల్ పెట్టి అదే ఫైలు మళ్లీ దింపి చూస్తే ఖాయమవుతుంది.