కొట్టు ఖర్చులు గట్టెక్కేది ఎంత అమ్మకంతో?

కిరాణా కొట్టులో సాయంత్రం గల్లాపెట్టెలో కనిపించే సొమ్ము అమ్మకం మాత్రమే, అదంతా లాభం కాదు. అమ్మిన సరుకు కొన్న ధర అందులోంచి తీసేస్తే మిగిలేది స్థూల లాభం. అద్దె, కరెంటు, జీతాలు దాంట్లోంచే వెళ్లాలి. ఆ ఖర్చులన్నీ సరిగ్గా తీరడానికి ఎంత అమ్మాలో, ఆ అమ్మకాన్నే బ్రేక్ ఈవెన్ అంటారు. ఈ రెండూ తేల్చడానికి కొనుగోలు బిల్లులు, ఖర్చుల పద్దు, నెలకోసారి సరుకు లెక్క ఉంటే చాలు.

ఒక నెల కొనుగోలు బిల్లులు కూడితే వచ్చేది ఆ నెల కొన్న సరుకు విలువే. కొన్నదంతా ఆ నెలలోనే అమ్ముడుపోదు, అమ్మిన దాంట్లో కొంత పాత నిల్వ ఉంటుంది. అందుకే నెల మొదట్లో ఉన్న నిల్వకు కొనుగోళ్లు కలిపి, నెలాఖరున మిగిలిన నిల్వ తీసేయాలి. ఆ రెండు నిల్వలనూ కొన్న ధరకే లెక్కగట్టాలి. చాలామంది ప్యాకెట్ మీది ఎమ్మార్పీ వేసేస్తారు. అలా చేస్తే అమ్మని సరుకు మీద రాని లాభం కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

ఒక ఊహాజనిత కొట్టు తీసుకుందాం. నెల మొదట్లో నిల్వ రూ. 3,20,000. కొనుగోలు బిల్లులు రూ. 4,60,000. ఆటో కిరాయి, హమాలీ రూ. 5,000. సరుకు కొట్టుకు చేరడానికి అయిన ఖర్చు కనుక ఇది కొనుగోలు ధరలోనే కలుస్తుంది. గడువు తీరి వెనక్కి పంపిన సరుకుకు డీలరు తగ్గించింది రూ. 9,000, ఇంటికి వాడుకున్న సరుకు రూ. 6,000. ఈ రెండూ తీసేయాలి. నెలాఖరు నిల్వ రూ. 3,50,000. అంటే అమ్మిన సరుకు కొన్న ధర రూ. 4,20,000. అరువు ఖాతాలతో సహా అమ్మకాలు రూ. 4,80,000. స్థూల లాభం రూ. 60,000. అమ్మకంలో అది పన్నెండున్నర శాతం.

శాతం ఎప్పుడూ అమ్మకం మీదే కట్టాలి. వందకు కొని 120కి అమ్మితే కొన్న ధర మీద 20 శాతం వచ్చినట్టే. కానీ అమ్మకం మీద అది 16.67 శాతమే. మొదటి శాతంతో బ్రేక్ ఈవెన్ కడితే కావలసిన అమ్మకం ఉన్నదానికంటే తక్కువగా తేలుతుంది. జీఎస్టీ దగ్గరా జాగ్రత్త అవసరం. మామూలు పద్ధతిలో పన్ను కట్టే దుకాణం, వెనక్కి వచ్చే పన్నును కొన్న ధరలో గానీ, వసూలు చేసిన పన్నును అమ్మకంలో గానీ కలపకూడదు. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవారికి కొనుగోలు పన్ను తిరిగి రాదు, కనుక అది కొన్న ధరలో భాగమే.

ఇక ఖర్చులు. అమ్మకం పెరిగినా తగ్గినా మారనివి: అద్దె రూ. 12,000, కరెంటు రూ. 4,500, పనిమనిషి జీతం రూ. 11,000, అప్పు మీద వడ్డీ రూ. 3,000, ఫోను వగైరా రూ. 1,500. మొత్తం రూ. 32,000. అప్పు కిస్తీలో అసలు భాగం ఖర్చు కిందికి రాదు, అయినా నగదు మాత్రం కావాలి. యజమాని రోజంతా కొట్లో కూర్చున్నందుకు జీతం రాసుకోకపోవడం మన దగ్గర మామూలే. రూ. 18,000 వేసుకుంటే స్థిర ఖర్చు రూ. 50,000 అవుతుంది. సొంత గది అయినా అద్దె వేసుకోవడమే సరైన లెక్క.

సంచులు, కాంపోజిషన్ పన్ను లాంటివి అమ్మకంతోపాటు పెరుగుతాయి. ఈ కొట్టులో అవి నెలకు రూ. 7,200, అంటే ఒకటిన్నర శాతం. స్థూల లాభంలోంచి దాన్ని తీసేస్తే ప్రతి వంద అమ్మకానికి 11 రూపాయలు మిగులుతాయి. స్థిర ఖర్చును 0.11తో భాగిస్తే బ్రేక్ ఈవెన్ సుమారు రూ. 4,54,500. రోజూ తెరిచే కొట్టుకు రోజుకు రూ. 15,150. ఇప్పటి అమ్మకం మీద మిగులు రూ. 2,800 మాత్రమే. యజమాని జీతం వేయకపోతే ఇదే కొట్టు నెలకు రూ. 20,800 మిగులుస్తున్నట్టు కనిపిస్తుంది.

ఈ శాతం కొట్టు మొత్తానికి సగటు. బియ్యం, నూనె, చక్కెర మీద మిగిలేది తక్కువ, మసాలాలు, చిరుతిళ్ల మీద ఎక్కువ. పండగ నెలలో నూనె, చక్కెర ఎక్కువగా పోతే అమ్మకం పెరిగినా శాతం పడిపోవచ్చు. అలాంటి కారణం లేకుండా పడిపోతే ముందు నెలాఖరు బిల్లులు చూడాలి. బిల్లు పద్దులో చేరి సరుకు ఇంకా కొట్టుకు రాకపోయినా, అరువు అమ్మకం రాయడం మరిచినా లాభం తక్కువగా తేలుతుంది. బిల్లు రాకముందే వచ్చిన సరుకు నిల్వలో చేరితే లాభం ఉబ్బుతుంది. ఇవేవీ కాకపోతే పాడైన సరుకో, తూకమో, దొంగతనమో అయి ఉంటుంది.

గిరాకీ కోసం అన్నిటి మీదా రెండు శాతం తగ్గించాలనుకునేవారు ముందు లెక్క వేసుకోవాలి. ఈ కొట్టులో అలా తగ్గిస్తే ప్రతి వంద అమ్మకానికి మిగిలేది 11 నుంచి సుమారు 9.2 రూపాయలకు పడుతుంది. అప్పుడు ఖర్చులు తీరడానికే నెలకు దాదాపు రూ. 5,43,000 అమ్మాలి.